పేజీ మధ్యలో గీసిన గీత

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. నవంబరు 30 రాత్రి, హాస్టల్ గదిలో లైటు తీసేశాక ఫోను వెలుతురులో డైరీ తెరిచింది. పేజీ మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమవైపు ‘ఔను’ అనీ, కుడివైపు ‘కాదు’ అనీ రాసింది. స్టడీ హాల్లో పక్క కుర్చీ అబ్బాయి నెల రోజులుగా చూపిస్తున్న మంచితనం స్నేహమా, అంతకు మించిందా? ఆ లెక్క తేల్చాలని కూర్చుంది.

‘ఔను’ కింద ఆమె రాసుకున్నవి ఇవి. 9న నాకు జ్వరం వస్తే మాత్రలు, ఇడ్లీ పార్శిల్ తెచ్చి హాస్టల్ గేటు దగ్గర ఇచ్చాడు. రోజూ రాత్రి స్టడీ హాల్ మూశాక దోమలగూడ దాకా నాతో నడిచి వచ్చి వెనక్కి వెళ్తాడు. అతని గది చిక్కడపల్లిలో, ఇటు దారే కాదు. 13న వాళ్లమ్మ ఫోన్ చేస్తే నా పేరు చెప్పకుండా ‘ఫ్రెండ్స్‌తో ఉన్నా’ అన్నాడు. 4న, నేను సాయంత్రం షిఫ్టుకి మారిన రెండో రోజు, తనూ మారాడు.

‘కాదు’ కింద మూడే ఉన్నాయి. 21న వాళ్లింట్లో చూస్తున్న సంబంధం ఫొటో చూపించి ‘ఎలా ఉంది?’ అని అడిగాడు. నోట్సు జిరాక్సు నాతోపాటు ఇంకో నలుగురికి ఇచ్చాడు. 13న వాళ్లమ్మకు నా పేరు చెప్పలేదు.

చివరిది రెండు వైపులా ఉందని గమనించారా? ఆమె గమనించలేదు.

ఇలా కాగితాన్ని రెండుగా చీల్చి తూచే పద్ధతికి పాత పేరున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1772లో తన స్నేహితుడు జోసెఫ్ ప్రీస్ట్‌లీకి ఒక ఉత్తరం రాశాడు. కొత్త ఉద్యోగంలో చేరాలా వద్దా అని ప్రీస్ట్‌లీ తేల్చుకోలేకపోతున్న రోజులవి. కాగితం మధ్యలో గీత గీసి, మూడు నాలుగు రోజులపాటు తోచినవన్నీ అటూ ఇటూ రాసి, సమాన బరువున్నవాటిని ఎదురెదురుగా కొట్టేస్తూ పో, మిగిలింది చూసుకో అన్నాడు ఫ్రాంక్లిన్. మంచి సలహానే. కాకపోతే అది ‘నేనేం చేయాలి’ అనే ప్రశ్నకు సలహా. ‘అతని మనసులో ఏముంది’ అనేది వేరే ప్రశ్న. అక్కడ లాభనష్టాలు ఉండవు, ఆనవాళ్లు మాత్రమే ఉంటాయి. ఆనవాలు మనకు ఎంత తియ్యగా అనిపించిందన్నది దాని బరువు కాదు. ప్రేమ ఉంటే ఆ పని జరిగే అవకాశం ఎంత, వట్టి స్నేహమే అయితే ఎంత? ఆ రెంటి మధ్య తేడాయే బరువు.

జ్వరం సంగతే తీసుకుందాం. ప్రేమించినవాడు మాత్రలు తెస్తాడు, సరే. కానీ ఆమె డైరీలోనే అక్టోబరులో ఒక మాట ఉంది: రూమ్మేటుకి డెంగీ వస్తే ఇతను రెండు రాత్రులు ఆసుపత్రి వరండాలో పడుకున్నాడట. అలాంటి మనిషి స్నేహితురాలికి జ్వరమొస్తే ఇడ్లీలు తేకుండా ఉంటాడా? ప్రేమ ఉన్నా తెస్తాడు, లేకపోయినా తెస్తాడు. అంటే దాని బరువు దాదాపు సున్నా. డైరీలో మాత్రం ఆ రోజుకి రెండు పేజీలు పట్టాయి. అమ్మకు పేరు చెప్పకపోవడం కూడా అంతే: దాచినా చెప్పడు, చెప్పేంత విశేషం లేకపోయినా చెప్పడు. రెండు వైపులా రాయగలిగిన ఆనవాలు ఏ వైపూ మొగ్గదు.

1967లో హెరాల్డ్ కెల్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, మనుషులు ఎదుటివాళ్ల పనులకు కారణం ఎలా వెతుక్కుంటారో చెబుతూ ఒక సిద్ధాంతం రాశాడు. మన మాటల్లో పెడితే అది మూడు ప్రశ్నలు. మిగతావాళ్లతోనూ ఇతను ఇంతేనా? మిగతావాళ్లూ నాతో ఇంతేనా? ఎప్పుడూ ఇంతేనా? అందరితో ఒకేలా ఉంటే ఆ పనికి మూలం అతని స్వభావం. నాతో ఒక్కదానితోనే, అదీ ఎప్పుడూ అలాగే ఉండి, నాతో ఇంకెవరూ అలా లేకపోతే మాత్రం మా ఇద్దరి మధ్య ఏదో ఉందని అనుకోవచ్చు.

దోమలగూడ నడకకు ఈ ప్రశ్న వేసింది మన అమ్మాయి. స్టడీ హాల్లోనే చదివే వరంగల్ అమ్మాయికి ఓసారి ఆలస్యమైతే అతను ఆటో మాట్లాడి పంపేశాడు, వెంట వెళ్లలేదు. ‘నాతోనే నడుస్తాడు!’ అని పక్కన చుక్క పెట్టుకుంది. కానీ ఆ అమ్మాయి ఉండేది అంబర్‌పేటలో. రాత్రి పదింటికి అంత దూరం ఎవరు నడుస్తారు? దోమలగూడ పావుగంట. పోల్చేటప్పుడు పరిస్థితి ఒకటే అయి ఉండాలి, లేకపోతే పోలికే తప్పుతుంది. ఈ తప్పు ప్రేమలో ఉన్నవాళ్లే కాదు, పరిశోధకులూ చేస్తుంటారు.

ఇక సంబంధం ఫొటో. ‘కాదు’ వైపు అసలైన బరువున్నది ఇదే. మనసు పడ్డ అమ్మాయికే ఇంకో అమ్మాయి ఫొటో చూపించి ఎలా ఉందని అడిగేవాళ్లు తక్కువ. దాని పక్కన మాత్రం చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది: ‘నేనేమంటానో చూద్దామని అడిగాడేమో.’ కావచ్చు. కానీ ‘ఔను’ వైపున్న వేటికీ ఆమె ఇలాంటి ‘ఏమో’ తగిలించలేదు. తనకు నచ్చని ఆనవాలుకే వివరణ వెతుకుతోందంటే, త్రాసు ఏ పక్కకు వంగి ఉందో తెలిసిపోతుంది.

విచిత్రమేమిటంటే, ‘ఔను’ వైపు గట్టి ఆనవాలు ఆమె అరవాక్యంలో రాసి వదిలేసిందే. షిఫ్టు మార్చడం. ఎందుకు మారావంటే ‘పొద్దున్నే లేవలేకపోతున్నా’ అన్నాడు. అదే వారం పొద్దున అయిదున్నరకి ఇందిరా పార్కులో నడుస్తున్న ఫొటో స్టేటస్‌లో పెట్టాడు. తనకు అలవాటైన వేళ వదులుకున్నాడు, ఇంకెవరి కోసమూ మారలేదు, చెప్పిన కారణం అతకలేదు. వట్టి స్నేహానికి ఇంత అవసరం పడదు. ఇది తియ్యగా లేదు కాబట్టి గుర్తుండలేదు, ఇడ్లీలు గుర్తున్నాయి.

ఇంకో చిక్కుంది. నవంబరులో పదకొండు రోజులకు డైరీలో ఒక్క అక్షరమూ లేదు. ఆ రోజుల్లోనూ అతను పక్కనే కూర్చున్నాడు, పలకరించాడో లేదో, చదువుకుని వెళ్లిపోయాడు. ఏమీ జరగని రోజును ఎవరూ రాయరు. అందుకే ఇలాంటి పట్టికలో ‘ఔను’ వైపు ఎప్పుడూ పొడుగ్గానే కనబడుతుంది.

పైగా ఈ తూకం ఊరికే కూర్చోదు. 2011లో ఎరిన్ విచర్చ్, టిమొతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కాలేజీ అమ్మాయిలకు కొందరు అబ్బాయిల ఫేస్‌బుక్ ప్రొఫైళ్లు చూపించి, కొందరితో ‘వీళ్లు నిన్ను బాగా ఇష్టపడ్డారు’ అనీ, కొందరితో ‘ఓ మోస్తరుగా’ అనీ, ఇంకొందరితో ‘రెండిట్లో ఏదో తెలీదు’ అనీ చెప్పారు. ఎక్కువ ఆకర్షణ పుట్టింది ‘తెలీదు’ అన్నచోట. ఆ అబ్బాయిల గురించి ఎక్కువగా ఆలోచించిందీ వాళ్లే. అది చిన్న ప్రయోగం, నేరుగా కలవని అబ్బాయిల సంగతి. అయినా నెల రోజులు రాత్రిపూట డైరీ తిరగేసిన అమ్మాయికి ఈ మాట కొత్తగా ఉండదు. ఆ పేజీలు అతని మనసు గురించి చెప్పేది కొంచెమే. జ్వరానికి రెండు పేజీలు, ఫొటోకి మూడు పంక్తులు. ఆ కొలత ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

ఆమె కొట్టివేతలు మొదలుపెట్టింది. ఇడ్లీ పోయింది, నడక పోయింది, వాళ్లమ్మ ఫోను రెండు వైపులా పోయింది. జిరాక్సు కూడా పోయింది, ప్రేమించినంత మాత్రాన మిగతావాళ్లకు నోట్సు మానేస్తారా? గీతకు అటు షిఫ్టు, ఇటు ఫొటో మిగిలాయి. రేపు దోమలగూడ దాకా వద్దని చెప్పి ముఖం ఎలా పెడతాడో చూద్దామనుకుంది. ముఖం చిన్నబుచ్చుకుంటే? స్నేహితుడూ చిన్నబుచ్చుకుంటాడు. అదీ కొట్టేసింది.

పేజీ అడుగున, గీత మీదే, ఒక వాక్యం రాసి పడుకుంది: ‘ఆ సంబంధం ఏమైందని రేపు నడిచేటప్పుడు నేనే అడుగుతా.’