రెండు గంటల్లో ఊపిరి లెక్క

పసిబిడ్డకు దగ్గు, జలుబు వచ్చినప్పుడు అది నిమ్ములోకి దిగుతోందేమో ఊళ్లోనే కనిపెట్టడానికి ఒక మార్గముంది. ఎక్స్‌రే అక్కర్లేదు, స్టెతస్కోపూ అక్కర్లేదు. బిడ్డ నిమిషంలో ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 గానీ అంతకు మించి గానీ వస్తే ఊపిరి వేగంగా ఉన్నట్టే. రెండు నెలలు నిండినప్పటి నుంచి ఏడాది లోపు వాళ్లకు ఆ హద్దు 50. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 40. హద్దు దాటిన బిడ్డను ఆలస్యం చేయకుండా ఏఎన్‌ఎంకో డాక్టరుకో చూపించాలి. ఇళ్లకు వెళ్లి బాలింతలనూ పసికందులనూ చూసే ఆశా కార్యకర్తల చేతిలో ఉండాల్సిన విద్య ఇది.

చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ ఈ సంగతి విన్న ఇరవై మందికి ఒకే బిడ్డను చూపించి లెక్కపెట్టమంటే ఒకరు 44 అంటారు, మరొకరు 58 అంటారు, ఇంకొకరు మధ్యలో తప్పిపోయామంటారు. తెలియడానికీ చేయగలగడానికీ ఉన్న ఈ దూరాన్ని రెండు గంటల్లో దాటించాలి. పీహెచ్‌సీలో సమావేశం ఉన్న రోజున ఒక పూటలో దొరికే సమయం అంతే.

చాలా శిక్షణలు ఈ రెండు గంటలను ఏం చెప్పాలన్న దగ్గర మొదలుపెట్టి పోగొట్టుకుంటాయి. నిమ్ముకు కారణమైన సూక్ష్మజీవులు, ఊపిరితిత్తుల బొమ్మ, దేశంలో శిశుమరణాల లెక్కలు, పథకం నియమాలు అయ్యేసరికి గంటన్నర గడిచిపోతుంది. చివరి పావుగంటలో ‘ఏమైనా సందేహాలున్నాయా’ అని అడిగితే ఎవరూ నోరు విప్పరు. చేసి చూడనివాళ్లకు సందేహం ఎక్కడ నుంచి వస్తుంది?

కాబట్టి పని చివరి నుంచి మొదలుపెట్టాలి. శిక్షణ లక్ష్యాలు ఎలా రాయాలో అమెరికన్ విద్యావేత్త రాబర్ట్ మేగర్ 1962లో ఒక చిన్న పుస్తకంలో చెప్పాడు. నేర్చుకున్నవాళ్లు ఏం చేసి చూపించాలి, ఏ పరిస్థితుల్లో చేయాలి, ఎంత బాగా చేస్తే చాలు అనే మూడు సంగతులూ లక్ష్యంలో ఉండాలన్నది ఆయన మాట. ‘ఆశాలకు నిమ్ముపై అవగాహన కల్పించడం’ అని రాసుకుంటే అవగాహన కలిగిందో లేదో ఎవరూ చూడలేరు. దాని బదులు ఇలా రాద్దాం: ప్రశాంతంగా ఉన్న బిడ్డ వీడియోను ఒక నిమిషం చూపి, వయసు చెబితే, ఫోన్ టైమర్ సాయంతో ఊపిరి లెక్కపెట్టి, అసలు సంఖ్యకు మూడుకు మించి తేడా లేకుండా రాయాలి, అది వేగమో కాదో చెప్పాలి, ఐదు వీడియోల్లో కనీసం నాలుగింటికి అలా చేయాలి. ఇలా రాయగానే చివరి పరీక్ష తయారైపోతుంది. పరీక్షకు పనికిరాని విషయమేదో కూడా తెలిసిపోతుంది. సూక్ష్మజీవుల పేర్లు దానంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

లక్ష్యం ఇంకా పెంచాలని మనసు లాగుతుంది. డొక్కలు ఎగరేయడం గుర్తించడం, థర్మామీటరు పెట్టడం, బరువు తూచడం కూడా చేర్చేద్దామనిపిస్తుంది. చేర్చకూడదు. డొక్కలు ఎగరేయడం వేరే చూపు కావాల్సిన పని. బిడ్డ ఊపిరి లోపలికి తీసినప్పుడు ఛాతీ కింది భాగం లోనికి పోతోందా అని చూడాలి. దానికి మరో పూట పెట్టుకోవాలి.

వీడియోలు ముందే సిద్ధం చేసుకోవాలి. తల్లుల అనుమతితో, బిడ్డ ముఖం పడకుండా, ఛాతీ, పొట్ట మీద వెలుతురు పడేలా తీసిన నిమిషం వీడియోలు పదిహేను ఉంటే మంచిది. ఒక్కోదానికి అసలు సంఖ్యను ఒకరు చెబితే చాలదు. ఇద్దరు విడివిడిగా, వీడియోను నెమ్మదిగా నడిపి లెక్కపెట్టాలి. ఇద్దరి లెక్కా కలవకపోతే మళ్లీ చూడాలి. అప్పటికీ కలవకపోతే ఆ వీడియోను పక్కన పడేయాలి. శిక్షకురాలి దగ్గరున్న సంఖ్యే తప్పయితే సరిగా లెక్కపెట్టిన ఆశాను తప్పుబట్టినట్టవుతుంది.

ఇప్పుడు రెండు గంటలను చూద్దాం. మొదటి పది నిమిషాల్లో ఏమీ నేర్పకుండానే ఒక వీడియో వేసి లెక్కపెట్టమనాలి. పేర్లు లేని చీటీల మీద సంఖ్యలు రాయించి, అన్నింటినీ బోర్డు మీద ఎక్కించాలి. పదేళ్లూ పదిహేనేళ్లూ ఇళ్లు తిరిగినవాళ్లకు ‘మీకు రాదు’ అని ఇంకొకరు చెబితే నొప్పి కలుగుతుంది. ఆ సంఖ్యల వరస తమ కళ్లతో చూస్తే నేర్చుకోవాల్సిన అవసరం వాళ్లకే తెలుస్తుంది.

తరువాతి పదిహేను నిమిషాలు వివరణకు, చేసి చూపడానికి. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టకూడదు. చొక్కా పైకి తీసి, ఛాతీ కింది భాగమో పొట్టో, ఎక్కడ కదలిక బాగా కనిపిస్తే అక్కడే చూపు నిలపాలి. పైకి లేచి కిందికి దిగితే ఒక ఊపిరి. నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయడం ఎందుకు కుదరదో ఇక్కడే చెప్పాలి. పసికందుల ఊపిరి ఒకే తీరుగా నడవదు. కొన్ని సెకన్లు ఆగినట్టుండి తరువాత గబగబా నడుస్తుంది. అర నిమిషంలో దొరికింది ఏ భాగమో మనకు తెలియదు, రెట్టింపు చేస్తే తప్పూ రెట్టింపవుతుంది. రెండు నెలల లోపు బిడ్డకు 60 గానీ పైన గానీ వస్తే రెండోసారి లెక్కపెట్టి చూడాల్సిందీ అందుకే.

అక్కడితో శిక్షకురాలి ఉపన్యాసం అయిపోవాలి. మిగిలిన గంటన్నరా ఆశాలదే.

మొదటి సాధన అరగంట. ఇద్దరిద్దరు జతలుగా కూర్చుంటారు. ఒకరు లెక్కపెడతారు. రెండోవారు టైమర్ నడుపుతూ, ఆమె చూపు ఎక్కడ ఉందో, పెదవులు ఎలా కదులుతున్నాయో గమనిస్తారు. తరువాతి వీడియోకు స్థానాలు మారతారు. వీడియోకు నిమిషం, రాయడానికి అర నిమిషం, సంఖ్య చెప్పి మాట్లాడుకోవడానికి మూడు నిమిషాలు వేసుకుంటే అరగంటలో ఆరు వీడియోలు పడతాయి. ఇరవై మందికి ఒక్క శిక్షకురాలు చాలదు. జతల మధ్య తిరగడానికి ఒక ఏఎన్‌ఎం తోడుండాలి.

ఇక్కడ ఇచ్చే సలహా మీదే శిక్షణ నిలబడుతుంది. ‘బాగా చేశారు’, ‘ఇంకా శ్రద్ధ పెట్టాలి’ అనే మాటలతో ఎవరి లెక్కా మారదు. తప్పిన సంఖ్య తానెందుకు తప్పిందో చాలాసార్లు తానే చెబుతుంది. అసలు 42 అయితే 84 దగ్గర వచ్చిందంటే, లోపలికి తీసినది ఒకటి, బయటికి వదిలినది ఒకటి అని లెక్కపెడుతున్నారన్నమాట. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుంటే చూపు బిడ్డకూ గడియారానికీ మధ్య తిరుగుతోందేమో చూడాలి. టైమర్ మోగేలా పెట్టుకుని బిడ్డనే చూడమంటే అది సర్దుకుంటుంది. నెమ్మది ఊపిరికి సరిగ్గా వచ్చి, వేగంగా ఉన్న బిడ్డకు మాత్రమే తక్కువ వస్తుంటే నోటి లెక్క వెనకబడుతోందని అర్థం. ఊపిరి సెకనుకొకటి నడుస్తుంటే ‘యాభై ఏడు, యాభై ఎనిమిది’ అని పూర్తిగా పలికేలోగా తరువాతిది దాటిపోతుంది. పది వరకు లెక్కపెట్టి, ఒక వేలు మడిచి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే ఈ ఇబ్బంది తీరుతుంది.

ఈ సమస్యను మన పొరుగునే, తెలంగాణ సరిహద్దు దాటితే వచ్చే గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతుల ‘సెర్చ్’ సంస్థ ఎప్పుడో గుర్తించింది. పెద్ద అంకెలు లెక్కపెట్టడం రాని గ్రామీణుల కోసం వాళ్లు ఒక నిమిషం ఇసుక గడియారమూ పూసలూ ఉన్న చిన్న పరికరం తయారు చేశారు. పది ఊపిరులకు ఒక పూస జరిపితే చాలు. మడిచిన వేలు చేసేదీ ఆ పూస పనే.

సలహా ఇచ్చే తీరు కూడా నేర్చుకోవాల్సిందే. ‘అక్కా, ఎక్కడ చూస్తూ లెక్కపెట్టారు?’ అని ముందు అడగాలి. ‘ఛాతీ పైన చూశాను మేడమ్’ అంటే, ‘ఈసారి పొట్ట దగ్గర చూడండి’ అని ఆ ఒక్కటే చెప్పి, వెంటనే అదే వీడియో మళ్లీ వేయాలి. మూడు తప్పులు కనిపించినా ఒక్కటే చెప్పాలి. సరిచేసుకునే అవకాశం ఆ నిమిషంలోనే ఇవ్వకపోతే సలహా వట్టి విమర్శగా మిగిలిపోతుంది. అందరిముందు పేరు పెట్టి చెప్పడం అసలే వద్దు. ఇరవై మందిలో పదిహేను మంది ఒకే వీడియోకు తప్పితే లోపం వాళ్లది కాదు. వీడియోలోనో వివరణలోనో ఉంది.

ఐదు నిమిషాలు టీకి ఆగి, మళ్లీ అరగంట రెండో సాధన. ఇందులో ఇంటి పరిస్థితి తేవాలి. వీడియోతో పాటు వయసు చెప్పాలి: ‘నలభై రోజుల బిడ్డ’, ‘పదకొండు నెలల పాప’. వయసులు వరసగా కాకుండా కలిపి వేయాలి. 54 వచ్చిన బిడ్డకు నలభై రోజులైతే వేగం కాదు, పదకొండు నెలలైతే వేగమే. ఈ నిర్ణయంలోనే ఎక్కువమంది తడబడతారు. కాబట్టి లెక్క కంటే దీనికి ఎక్కువసేపు కేటాయించినా నష్టం లేదు. జతలో రెండోవారు అత్తగారిలా మధ్యలో మాటలు కలపాలి. ‘నిమిషం ఆగండమ్మా, లెక్కపెడుతున్నాను’ అని చెప్పి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం కూడా సాధన చేయాల్సిన పనే. మధ్యలో తప్పితే ఊహించి రాయడం ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు.

మిగిలిన అరగంటలో ముందుగా చూడని ఐదు వీడియోలతో పరీక్ష. ఎవరికి వారే రాస్తారు. చీటీలు మార్చుకుని దిద్దరు. శిక్షకురాలూ ఏఎన్‌ఎం కలిసి దిద్ది, ఎవరి చీటీ వాళ్ల చేతికిస్తారు. నాలుగు రానివాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారనుకోవడమే మంచిది. వాళ్ల కోసం ఆ పూటే ఇంకో మూడు వీడియోలు దాచి ఉంచాలి. అప్పటికీ రాకపోతే తరువాతి ఇళ్ల సందర్శనలకు ఏఎన్‌ఎంతో కలిసి వెళ్లేలా రోజు రాసుకోవాలి.

చివర్లో పంచే ‘శిక్షణ ఎలా ఉంది’ అనే కాగితం దీనికి బదులు కాదు. 1959లో డొనాల్డ్ కర్క్‌ప్యాట్రిక్ శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా విడగొట్టి చెప్పినప్పుడు, వచ్చినవాళ్లకు నచ్చిందా అన్నది మొదటి మెట్టు మాత్రమే. నేర్చుకున్నారా అన్నది రెండోది. పనిలో వాడుతున్నారా అన్నది మూడోది. ఈ రెండు గంటల పరీక్ష మనల్ని రెండో మెట్టు దాకా తీసుకొస్తుంది.

మూడోది గదిలో తేలదు. తెరమీది బిడ్డ కదలదు, గుడ్డలో చుట్టి ఉండదు, దీపం వెలుతురులో ఉండదు. వారం పది రోజుల్లో టీకాలు వేసే బుధవారమో శనివారమో ఏఎన్‌ఎం ఒక్కో ఆశాతో కలిసి ఒక్క బిడ్డను చూడాలి. ఇద్దరూ ఒకే నిమిషంలో, ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా లెక్కపెట్టి, రెండూ రిజిస్టరులో పక్కపక్కన రాయాలి. తేడా మూడు దాటినవాళ్ల పేర్లతోనే తరువాతి సమావేశంలో మొదటి పదిహేను నిమిషాలు ఎవరికి కేటాయించాలో తేలుతుంది.