స్టోకాస్టిక్ ఆసిలేటర్ (క్రిప్టో నాణేల మార్కెట్లలో)

స్టోకాస్టిక్ ఆసిలేటర్ అనేది ధరల సాంకేతిక విశ్లేషణలో వాడే ఒక సూచిక. గత కొన్ని రోజుల కనిష్ఠ, గరిష్ఠ ధరల మధ్య నేటి ముగింపు ధర ఎక్కడ ఉన్నదో ఇది 0 నుండి 100 వరకు గల అంకెతో తెలుపుతుంది. అమెరికాకు చెందిన జార్జ్ లేన్ దీనిని 1950వ దశకంలో ప్రచారంలోకి తెచ్చాడు. బిట్‌కాయిన్ వంటి క్రిప్టో నాణేల వ్యాపారంలోనూ దీనిని విరివిగా వాడుతున్నారు. అయితే ధర ఒక పరిమిత శ్రేణిలో తిరుగుతున్నపుడు, ఒకే దిశలో సాగుతున్నపుడు ఒకే అంకెకు వేర్వేరు అర్థాలు వస్తాయి.

లెక్కించే విధానం

సాధారణంగా 14 రోజుల ధరలను తీసుకుంటారు.

```
%K = 100 × (C − L14) / (H14 − L14)
%D = %K యొక్క 3 రోజుల సగటు
```

ఇందులో C ముగింపు ధర, L14 పద్నాలుగు రోజుల కనిష్ఠం, H14 గరిష్ఠం. సూచిక 80 దాటితే "అతి కొనుగోలు" అని, 20 కంటే తగ్గితే "అతి అమ్మకం" అని అంటారు. %K గీత %D గీతను దాటడాన్ని క్రాసోవర్ అంటారు. పైకి దాటితే కొనుగోలు సంకేతంగా, కిందికి దాటితే అమ్మకపు సంకేతంగా చెప్పడం పరిపాటి.

క్రిప్టో మార్కెట్ రోజంతా నడుస్తుంది కాబట్టి దానికి సహజమైన ముగింపు సమయం లేదు. చాలా చార్టులు అంతర్జాతీయ ప్రామాణిక కాలం ప్రకారం అర్ధరాత్రిని, అనగా భారత కాలమానంలో ఉదయం 5:30ని ముగింపుగా తీసుకుంటాయి. వేరే సమయాన్ని తీసుకున్న చార్టులో అదే రోజు క్రాసోవర్ కనిపించకపోవచ్చు.

పరిమిత శ్రేణిలో

ధర 6,200, 6,700 డాలర్ల మధ్య తిరుగుతున్నదనుకుందాం. ముగింపు 6,650 అయితే %K విలువ 90 అవుతుంది. అనగా ధర శ్రేణి పై అంచుకు చేరింది. ఆ అంచు నిలిచినంత కాలం అక్కడ కిందికి జరిగే క్రాసోవర్‌కు అర్థం ఉంటుంది. శ్రేణి మధ్యలో, అనగా 40, 60 ల మధ్య, జరిగే క్రాసోవర్లకు విలువ తక్కువ.

శ్రేణి మరీ ఇరుకైతే మరొక చిక్కు వస్తుంది. కనిష్ఠ, గరిష్ఠాల తేడా 100 డాలర్లే అయితే 30 డాలర్ల స్వల్ప కదలిక కూడా సూచికను 30 పాయింట్లు కదిలిస్తుంది.

ధోరణిలో

ఇప్పుడు పెరుగుతున్న మార్కెట్‌లో కనిష్ఠం 16,000, గరిష్ఠం 20,000, ముగింపు 19,600 అనుకుందాం. ఇక్కడ కూడా %K విలువ 90 మాత్రమే. కానీ ఇది ధర అంచును తాకిందని కాక, కొనుగోలుదారుల బలం కొనసాగుతున్నదని తెలుపుతుంది.

అంతకు ముందు రోజు %K 95 అని, మరుసటి రోజు ముగింపు 19,300 అని అనుకుంటే %K 82.5కు తగ్గుతుంది. మూడు రోజుల సగటు 89 కాబట్టి అమ్మకపు క్రాసోవర్ ఏర్పడుతుంది. కానీ ధర తగ్గింది ఒకటిన్నర శాతమే. ఆ మరునాడు పాత కనిష్ఠం 16,000 లెక్క నుండి తొలగి, కొత్త కనిష్ఠం 17,600 అయితే, ముగింపు 19,300 వద్దే ఉన్నా %K 70.8కు పడిపోతుంది. ధర కదలకుండానే సూచిక కదిలింది.

రెండు సందర్భాలు

2020 అక్టోబరు మొదట్లో సుమారు 10,700 డాలర్లున్న బిట్‌కాయిన్ ఆ సంవత్సరాంతానికి 29,000కు చేరువైంది. 80 దాటగానే అతి కొనుగోలని అమ్మినవారు ఈ పెరుగుదలలో అధిక భాగాన్ని కోల్పోయి ఉంటారు.

దీనికి విరుద్ధమైనది 2018 నాటి సంఘటన. ఆ సెప్టెంబరు నుండి బిట్‌కాయిన్ 6,000 డాలర్లకు పైన ఇరుకైన శ్రేణిలో తిరిగింది. నవంబరు 14న 6,000 కంటే పడిపోయి, డిసెంబరు నడిమికి సుమారు 3,200కు చేరింది. శ్రేణి తెగిన తరువాత అతి అమ్మకపు అంకె అడుగును చూపలేదు.

సరిచూసుకోవలసినవి

ముందు మార్కెట్ స్థితిని నిర్ణయించుకుని, ఆ తరువాత క్రాసోవర్‌ను చూడాలి. ఇందుకు వెల్స్ వైల్డర్ 1978లో ప్రచురించిన ఏడీఎక్స్ సూచికను వాడతారు. అది 20 కంటే తక్కువైతే ధోరణి బలహీనమని, 25 దాటితే బలమైనదని సాధారణంగా భావిస్తారు. ఇది ఆలస్యంగా స్పందిస్తుంది కాబట్టి శ్రేణి తెగిన తొలి రోజులలో దీనిని నమ్మరాదు. కనుక శ్రేణి అంచును దాటి ధర ముగిస్తే పాత సంకేతాలను వదిలివేయాలి. బలమైన ధోరణిలో దాని దిశలో వచ్చే క్రాసోవర్లనే లెక్కలోకి తీసుకోవడం మేలు.

ప్రతి క్రాసోవర్‌కూ వ్యాపారం చేయడం భారతదేశంలో ఖర్చుతో కూడిన పని. 2022 ఏప్రిల్ 1 నుండి క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను విధించారు. ఒక లావాదేవీలో వచ్చిన నష్టాన్ని మరొక దాని లాభంతో సరిపెట్టుకోవడానికి వీలులేదు. 2022 జులై 1 నుండి నిర్ణీత పరిమితి దాటిన అమ్మకాల విలువపై 1 శాతం మూలంలోనే కోత పడుతుంది. దీనిని తరువాత పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కానీ ధర మారకపోయినా పదిసార్లు అమ్మి కొంటే అప్పటికి పెట్టుబడిలో దాదాపు 9.6 శాతం చేతిలో లేకుండా పోతుంది.