ఇంట్లో మనిషి పోతే వాడని విమాన టికెట్ల డబ్బు ఎలా అడగాలి?

మా నాన్నగారు పోయిన మూడో రోజు నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లాలి. నాన్-రీఫండబుల్ టికెట్లు. ఆ దుఃఖంలో కూడా మా తమ్ముడు ఒక మంచి పని చేశాడు. విమానం బయల్దేరకముందే క్యాన్సిల్ చేశాడు. లేకపోతే నో-షో కింద రాసేవాళ్లు.

కర్మకాండ అయ్యాక లెటర్ రాశాను. మొదట పీఎన్ఆర్, ప్రయాణం తేదీ, పేర్లు. తర్వాత పోయినాయన ఒక్కొక్కరికీ ఏమవుతారో రాశాను: నాకు తండ్రి, మా ఆవిడకి మామగారు, పిల్లలకి తాతగారు. డెత్ సర్టిఫికెట్, చుట్టరికం తెలిపే కాగితాలు జత చేశాను.

ఇక అసలు సంగతి. రెండు విషయాలు విడివిడిగా అడగాలి. విమానాశ్రయ ఫీజులు, పన్నులు డీజీసీఏ నిబంధన ప్రకారం వెనక్కి ఇవ్వాల్సిందే, అది మన హక్కు. బేస్ ఫేర్ మాత్రం వాళ్ల దయ. "మా పరిస్థితి చూసి మినహాయింపు ఇవ్వగలరు" అని రాశాను. రెండూ కలిపి అడిగితే ఒకే "కుదరదు"తో రెండూ పోతాయి.

మాకు పన్నులు మొత్తం వచ్చాయి, బేస్ ఫేర్‌లో సగం ఇచ్చారు. క్రెడిట్ షెల్ ఇస్తామంటే ఒప్పుకోవాలా వద్దా అన్నది మన ఇష్టమండీ.