గుల్జార్ హౌజ్ పేరు ఎక్కడ రాయాలి?

చార్మినార్ దగ్గర నిలబడి ఉత్తరం వైపు కొద్ది దూరం నడిస్తే గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ వస్తుంది. దాని చుట్టూ నాలుగు కమాన్లు ఉంటాయి. ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమట షేర్-ఇ-బాతిల్ కమాన్. చూడటానికి వచ్చినవారి కోసం ఈ చోటుకు చిన్న మ్యాప్ వేయాలనుకుందాం. స్కేలు 1:10,000 తీసుకుంటే నేల మీది వంద మీటర్లు కాగితం మీద ఒక సెంటీమీటరు. అంటే ఫౌంటెన్‌కూ ఒక్కో కమానుకూ మధ్య మిగిలే జాగా సుమారు ఒక సెంటీమీటరే. సన్నని అక్షరాల్లో రాసినా 'గుల్జార్ హౌజ్' ఒకటిన్నర సెంటీమీటర్లు పడుతుంది. ఊరికి సరిపడా జాగా ఉంది కానీ ఊరి పేర్లకు లేదు.

ఒక చుక్క పక్కన పేరు రాయడానికి మామూలుగా ఎనిమిది చోట్లు చూస్తారు: నాలుగు పక్కలు, నాలుగు మూలలు. పది చుక్కలుంటే అన్ని పేర్లనూ అమర్చే తీర్లు 107 కోట్లు దాటుతాయి. చుక్కలు పెరిగేకొద్దీ అన్నింటినీ పరీక్షించడం కంప్యూటర్‌కూ సాధ్యం కాదు. అందుకే క్యూజీఐఎస్ లాంటి మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్లు ఫర్వాలేదనిపించే అమరికను వెతికి, ఇమడని పేర్లను మ్యాపులోంచి తీసేస్తాయి. ఏది తీసేయాలో మనం చెప్పకపోతే అదే తేల్చుకుంటుంది. అప్పుడు ఏటీఎం పేరు నిలిచి, మక్కా మసీదు పేరు ఎగిరిపోవచ్చు.

ప్రాధాన్యాలు ఇచ్చేది అందుకే. మన మ్యాపులో చార్మినార్, మక్కా మసీదు అన్నిటికన్నా పైన ఉంటాయి. తర్వాత గుల్జార్ హౌజ్, ఆ తర్వాత కమాన్లు, అట్టడుగున దుకాణాలు, ఏటీఎంలు. పెద్ద అక్షరాలకూ ప్రాధాన్యానికీ సంబంధం లేదు. జాగా కోసం పోటీ వచ్చినప్పుడు ఎవరు తప్పుకోవాలన్నదే ఇక్కడి లెక్క. ఏదీ పోకూడదని అన్నిటికీ గరిష్ఠ అంకె ఇస్తే, ఏదీ ఇవ్వనట్టే. ఇంకో జాగ్రత్త కూడా కావాలి: పేర్లు ఒకదాన్నొకటి తాకకపోయినా, ఒక పేరు పక్కవాడి చుక్కను కప్పేయవచ్చు. చుక్కల్ని కూడా అడ్డంకులుగా చూడమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి.

ఇప్పుడు పేర్లు పెడదాం. కాలీ కమాన్ పేరు దాని కుడివైపు, షేర్-ఇ-బాతిల్ కమాన్ పేరు ఎడమవైపు, మచ్లీ కమాన్ పేరు పైన ఎడమ మూలకు, చార్మినార్ కమాన్ పేరు కింద కుడి మూలకు. నలుగురూ బయటి వైపుకు తిరిగారు. మధ్యలో గుల్జార్ హౌజ్ మిగిలింది. దాని పేరు కుడివైపు రాస్తే కాలీ కమాన్ చుక్క మీదికి, ఎడమవైపు రాస్తే మరో కమాన్ చుక్క మీదికి పోతుంది. కనుక పేరును ఈశాన్య మూలన ఖాళీ జాగాకు జరిపి, అక్కడి నుంచి చుక్కకు సన్నని గీత లాగాలి. దీన్నే లీడర్ లైన్ అంటారు. ఐదు పేర్లలో ఒక్కదానికే ఇది అవసరమైంది. మొదటే అన్నిటికీ గీతలు లాగితే మ్యాపు సాలెగూడు అవుతుంది.

ఈశాన్యమే ఎందుకు? ఇక్కడి వీధులు నాలుగు దిక్కులకూ తిన్నగా పోతాయి. గీత కూడా తిన్నగా పైకో పక్కకో పోతే చదివేవారు దాన్ని గల్లీ అనుకుంటారు. ఏటవాలుగా, వీధి గీత కన్నా సన్నగా, వేరే రంగులో ఉంటే ఆ పొరపాటు జరగదు. గీతలు రెండు మూడు ఉన్నప్పుడు అవి ఒకదాన్నొకటి దాటకుండా చూడటం మరో నియమం.

చివరి పని హేలో, అంటే అక్షరాల చుట్టూ వేసే లేత అంచు. చార్మినార్ కమాన్ పేరు కట్టడాల గీతల మీదుగా పోతుంది. ఆ గీతలు ఒత్తులతో, గుడులతో కలిసిపోతే 'క'కు తగిలింది దీర్ఘమో గోడో తెలియదు. అర మిల్లీమీటరు అంచు చాలు. దాని రంగు తెలుపే కానక్కర్లేదు, వెనకున్న నేల రంగు అయితే కంటికి అడ్డురాదు. అంచు మరీ మందమైతే కింది గల్లీ మధ్యలో తెగిపోయి, అక్కడికి దారి మూసుకుపోయినట్టు కనిపిస్తుంది. చదవడానికి వేసిన అంచు అబద్ధం చెప్పిందన్నమాట.

మ్యాపు పూర్తయ్యాక క్యూజీఐఎస్‌లో చోటు దొరకని పేర్లను చూపించమని అడిగితే అవి ఎర్రగా కనిపిస్తాయి. ఎర్రవాటిలో ఏటీఎంలే ఉంటే నిశ్చింత. కమాన్ ఒకటి ఉంటే దాని చోటు మార్చాలి, లేదా స్కేలు పెంచాలి. ఫోన్‌లోని మ్యాపు కూడా జూమ్ మారినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ చేసుకుంటుంది. కాబట్టి వెతికే పేరు కనబడకపోతే ఆ చోటు లేదనుకోకండి, ఇంకొంచెం దగ్గరకు జూమ్ చేయండి.