పాస్‌బుక్‌లో పేరు పాపది, సంతకం నాన్నది

మా బావగారికి తెనాలిలో బట్టల కొట్టు ఉంది. మొన్న జూన్ చివర్లో కూతురి ఖాతాలోంచి యాభై వేలు తీద్దామని బ్యాంకుకి వెళ్లారు. ఇంజినీరింగ్ కాలేజీలో ఫీజు కట్టాలి. విత్‌డ్రాయల్ ఫారం రాసి, పన్నెండేళ్లుగా పెడుతున్న సంతకమే పెట్టి కౌంటర్లో ఇచ్చారు. అక్కడి అమ్మాయి కంప్యూటర్ వంక చూసి ఫారం వెనక్కి జరిపింది.

"పాపకి పద్దెనిమిది నిండాయండీ. ఇక మీ సంతకం చెల్లదు. పాపే రావాలి."

"నేను వేసిన డబ్బేనమ్మా!"

"మీరు వేసినా, పాప డబ్బేనండీ."

బావగారు బయటికొచ్చి నాకు ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నారు. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చుని రిటైరయ్యాను కదా, తప్పంతా నాదే అన్నట్టు. కానీ ఆ అమ్మాయి చెప్పిన రెండో మాటలోనే మైనర్ ఖాతా సంగతంతా ఉంది. ఖాతా తెరిచిన రోజు నుంచీ డబ్బు బిడ్డది. గార్డియన్ బిడ్డ తరఫున సంతకం పెట్టే మనిషి, అంతవరకే. ఆ ఖాతాకి ఆయన యజమాని కాడు, జాయింట్ హోల్డరూ కాడు.

అయితే గార్డియన్‌గా ఎవరుండాలి? హిందూ కుటుంబాలకి 1956 నాటి చట్టం ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, "ఆయన తర్వాత" తల్లి. ఈ "తర్వాత" అన్న ఒక్క మాట చాలామంది తల్లుల్ని ఏడిపించింది. తల్లి గార్డియన్‌గా పిల్లల పేరిట డిపాజిట్ ఖాతా తెరవొచ్చని రిజర్వ్ బ్యాంకు 1976లోనే బ్యాంకులకు చెప్పింది. అయినా 1984లో రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేరిట రిలీఫ్ బాండ్లు కొనబోయి గార్డియన్‌గా సంతకం పెడితే, తండ్రి సంతకం తెమ్మని అదే రిజర్వ్ బ్యాంకు దరఖాస్తు తిప్పి పంపింది. ఆమె సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1999లో తీర్పొచ్చింది. "తర్వాత" అంటే తండ్రి చనిపోయాక అని కాదు, తండ్రి లేని పరిస్థితుల్లో అని అర్థం చేసుకోవాలంది కోర్టు. ఇవాళ పిల్లల ఖాతాకి అమ్మ గార్డియన్‌గా ఉంటానంటే నాన్న సంతకం తెమ్మని బ్యాంకు అడగక్కర్లేదు. ఏ కౌంటర్లోనైనా అడిగితే మేనేజర్ దగ్గరికి వెళ్లండి.

తాతలూ నాయనమ్మలూ అమ్మమ్మల సంగతి వేరు. మా మేనకోడలి పేరిట రెండు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. వేసింది వాళ్ల నాయనమ్మ. "నా డబ్బు, నా మనవరాలు, సంతకం నేనే పెడతా" అని ఆవిడ పట్టుబట్టింది గానీ కుదరలేదు. డబ్బు ఎవరైనా వేయొచ్చు. గార్డియన్ మాత్రం తల్లిదండ్రులలో ఒకరు కావాలి, లేదా కోర్టు నియమించినవారు కావాలి. తల్లిదండ్రులు ఇద్దరూ లేని పిల్లల్ని పెంచుతున్న తాతలు జిల్లా కోర్టు నుంచి గార్డియన్‌షిప్ ఉత్తర్వు తెచ్చుకోవలసిందే. నా సర్వీసులో అన్నిటికంటే కష్టంగా చెప్పిన మాట అదే. మనవడి ఫీజు కోసం వచ్చిన ముసలాయనకి కోర్టుకి వెళ్లమని ఎలా చెబుతాం?

గార్డియన్ ఆ ఖాతాలో డబ్బు వేయొచ్చు, తీయొచ్చు, డిపాజిట్ చేయొచ్చు, నామినీని రాయొచ్చు. తీసిన డబ్బు మాత్రం బిడ్డ అవసరానికే పోవాలి. పెద్ద మొత్తం తీస్తుంటే "ఇది మైనర్ ప్రయోజనానికే వాడతాను" అని బ్యాంకు రాయించుకోవడం అందుకే. మా కౌంటర్లో ఆ కాగితం మీద చదవకుండా సంతకం పెట్టినవాళ్లే ఎక్కువ. రేపు పెద్దయిన కొడుకు లెక్క అడిగితే బయటికొచ్చే కాగితం అదే. ఖాతాలో నిల్వ మైనస్‌లోకి పోవడానికి మాత్రం ఎవరికీ వీల్లేదు, ఖాతా గార్డియన్ నడిపినా, పిల్లలే నడిపినా. మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్ తేల్చింది కాబట్టి, ఆ అప్పు రేపు బ్యాంకు వసూలు చేసుకోలేదు.

పిల్లలే నడపడమేమిటంటారా? పదేళ్లు నిండిన పిల్లలు కోరుకుంటే సేవింగ్స్ ఖాతాగానీ టర్మ్ డిపాజిట్‌గానీ సొంత సంతకంతో తెరిచి నడుపుకోవచ్చు. దీన్ని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన సర్క్యులర్‌లో మళ్లీ స్పష్టం చేసింది. ఎంత మొత్తం వరకు, ఏ షరతుల మీద అన్నది ఏ బ్యాంకుకి ఆ బ్యాంకు నిర్ణయించుకుంటుంది. ఏటీఎం కార్డు, చెక్‌బుక్, నెట్ బ్యాంకింగ్ ఇవ్వాలా వద్దా అన్నదీ అంతే. అసలు ఇబ్బంది సంతకంతోనే. ఆరో తరగతి పిల్లాడి సంతకం సోమవారం ఒకలా, శుక్రవారం ఇంకోలా ఉంటుంది.

మళ్లీ తెనాలికి వద్దాం. చట్టం లెక్కలో పద్దెనిమిదో పుట్టినరోజు మొదలవగానే బిడ్డ మేజర్. మా మేనకోడలి పుట్టినరోజు జూన్ 12. ఆ రోజు నుంచి గార్డియన్ సంతకానికి కాలం చెల్లినట్టే. బ్యాంకు ముందుగానే కబురు చెప్పాలి, అది నిబంధనే. కబురు పంపామనే బ్యాంకువాళ్లు అన్నారు. పంపింది ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన నంబరుకి. ఆ సిమ్ బావగారు మానేసి నాలుగేళ్లయింది.

మర్నాడు ముగ్గురం వెళ్లాం. అమ్మాయి ఆధార్, రెండు ఫొటోలు తెచ్చుకుంది. పాన్ ఇంకా తీసుకోలేదు, దాని బదులు డిక్లరేషన్ ఫారం నింపింది. ఖాతా ఇకమీదట తనే నడుపుతానని రాసిచ్చి, మూడు చోట్ల నమూనా సంతకాలు పెట్టింది. ఇంతకాలం ఖాతా నడిపింది గార్డియన్ కాబట్టి, అందులో ఉన్న నిల్వ సరైనదేనని ధ్రువీకరించాలి. అదీ అయింది. మొత్తం ముప్పావు గంట. కొత్త సంతకం సిస్టంలోకి ఎక్కేసరికి సాయంత్రమైంది.

నాయనమ్మ డిపాజిట్ సంగతి అక్కడే గుర్తుచేశాను. సేవింగ్స్ ఖాతాలో మార్చినంత మాత్రాన డిపాజిట్ రసీదు దానంతటదే మారుతుందని నమ్ముకోవద్దు. అడిగి చూసుకోవాలి. నామినీ సంగతీ అప్పుడే చూసుకుంటే మంచిది. దాని మీద వడ్డీ, ఏడు శాతం చొప్పున వేసుకుంటే ఏడాదికి పద్నాలుగు వేలు, బిడ్డ మైనర్‌గా ఉన్నన్నాళ్లూ తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వాళ్ల ఆదాయంలో కలుస్తుంది. మేజరయ్యాక వచ్చే వడ్డీ అమ్మాయి ఆదాయమే. అందుకని పాన్ తీసుకుని బ్యాంకులో ఇవ్వమన్నాను. లేకపోతే వడ్డీ లెక్క ఇంకా నాన్న పాన్ మీదే నడుస్తుంటుంది.

చివర్లో మొబైల్ నంబరు అడిగారు. బావగారు అలవాటుగా తన నంబరు చెప్పబోయారు. "నాది రాయండి మేడం" అంది మేనకోడలు. సాయంత్రం యాభై వేలు తీసి బావగారి చేతిలో పెట్టింది. ఆయన ఫోన్ తీసి మెసేజ్ వచ్చిందేమో అని చూసుకున్నారు. అది అమ్మాయి ఫోన్‌లో మోగింది.