నూటికి డెబ్బై నాలుగు: వంద గడుల్లో ఒక శాతం

2011 జనాభా లెక్కల ప్రకారం కృష్ణా జిల్లాలో అక్షరాస్యత 73.74 శాతం. అప్పటికి వేదాద్రి, జగ్గయ్యపేట, నందిగామ అన్నీ ఆ జిల్లాలోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. ఈ ఒక్క సంఖ్యను వేదాద్రిలో గ్రామసభకు వచ్చినవాళ్లకు బొమ్మగా చూపించాలనుకుందాం. చాలామంది చేయి వెంటనే పై చార్టు మీదకే పోతుంది. గుండ్రంగా గీసి, ముక్క కోసి, రంగు వేస్తారు.

ఆ ముక్క కోణం 265 డిగ్రీల పైచిలుకు. ముప్పావు వంతు అంటే 270 డిగ్రీలు. ఈ రెండింటి మధ్య తేడాను కన్ను పట్టుకోలేదు కాబట్టి చూసినవాళ్లు “ముప్పావు వంతు” అనుకుని వెళ్లిపోతారు. అంతమాత్రం తెలిస్తే చాలనుకుంటే పై చార్టులో తప్పేమీ లేదు. కానీ నూటికి ఎంతమందికి చదువు వచ్చు, ఎంతమందికి రాదు అని జనం లెక్కపెట్టుకోవాలంటే గుండ్రటి బొమ్మలో లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు.

అక్కడ పనికొచ్చేది వాఫుల్ చార్టు. పదికి పది చుక్కల ముగ్గులాగా పది వరుసల్లో పదేసి గడులు, మొత్తం వంద. ఒక్కో గడి నూటికి ఒకరు. కింది వరుస నుంచి, ఎడమ నుంచి కుడికి నింపుకుంటూ వెళ్తే ఏడు వరుసలు పూర్తిగా నిండి, ఎనిమిదో వరుసలో నాలుగు గడులు నిండుతాయి. చూసేవాళ్లు ఏడు పదులు, మీద నాలుగు అని ఇట్టే చెప్పేస్తారు. మిగిలిన ఇరవై ఆరు ఖాళీ గడులూ అంతే స్పష్టంగా కనిపిస్తాయి. నా దృష్టిలో ఈ బొమ్మ అసలు బలం ఆ ఖాళీ గడులే. చదువు అందనివాళ్లు అందులో మాయమైపోరు.

ఒక గుర్తు ఇంతమందికి అని పెట్టుకుని, సంఖ్య పెరిగితే గుర్తును పెద్దది చేయకుండా అదే గుర్తును మళ్లీ మళ్లీ వేసే పద్ధతిని 1920లలో వియన్నాలో ఒట్టో న్యూరాత్, ఆయన సహచరులు సామాన్య జనం కోసం తీర్చిదిద్దారు. గడుల బదులు మనిషి బొమ్మలూ వేయవచ్చు, దాన్ని యూనిట్ చార్టు అంటారు.

ఎక్సెల్‌లో ఇది సులభం. A1 నుంచి J10 వరకు గడులన్నీ ఎంచుకుని, ఈ సూత్రం టైపు చేసి Ctrl+Enter నొక్కితే కింది ఎడమ మూల గడిలో 1, పై కుడి మూలలో 100 పడతాయి:

```
=(10-ROW())*10+COLUMN()
```

L1లో శాతాన్ని % గుర్తు లేకుండా 73.74 అని రాసి, ఆ వంద గడులకు Conditional Formattingలో ఈ నియమం పెట్టి రంగు ఎంచుకోవాలి:

```
=A1<=ROUND($L$1,0)
```

ఇందులో ROUND లేకపోతే 73.74కు 73 గడులే నిండుతాయి, ఎందుకంటే 74 ఆ సంఖ్యకంటే పెద్దది. పని అయ్యాక రంగు గడులను ఒకసారి చేత్తో లెక్కపెట్టి చూడండి. గడులు నిలువుగానో అడ్డంగానో సాగి ఉంటే వరుస ఎత్తు, నిలువు వెడల్పు సరిచేయాలి. లాగేటప్పుడు కనిపించే పిక్సెళ్లు రెండింటికీ ఒకటే ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ జోడీ వద్దు. కొందరి కంటికి ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి, జిరాక్స్ తీస్తే ఇంచుమించు అందరికీ అంతే. ముదురు నీలం, లేత బూడిద రంగు చాలు.

అన్నిటికన్నా తరచుగా తప్పు జరిగేది గడుల్లో కాదు, కింద రాసే మాటలో. జనాభా లెక్కల్లో అక్షరాస్యతను ఏడేళ్లు, ఆపైన వయసున్నవాళ్లలోనే లెక్కిస్తారు. జిల్లా జనాభా 45 లక్షల పైచిలుకు కదా అని అందులో 74 శాతం తీస్తే అక్షరాస్యులు ఉన్నదానికన్నా ఎక్కువగా తేలతారు. అందుకే బొమ్మ కింద ఇలా ఉండాలి: “2011లో అప్పటి కృష్ణా జిల్లాలో ఏడేళ్లు, ఆపైన వయసున్న ప్రతి వందమందిలో 74 మందికి చదవడం, రాయడం వచ్చు.” ఇది జిల్లా మొత్తం లెక్క; వేదాద్రి ఊరి లెక్క కాదని కూడా అక్కడే రాయాలి.

శాతం మరీ చిన్నదైతే వంద గడులు సరిపోవు. 0.4 శాతానికి ఒక్క గడి కూడా నిండదు. అప్పుడు వెయ్యి గడులు వేసి నాలుగింటికి రంగు వేయాలి. ఐదారు జనాభా లెక్కల అంకెలను పోల్చాలంటే మాత్రం ఈ బొమ్మ వద్దు. వాటికి పక్కపక్కనే కడ్డీలు గీయండి.