మార్కుల మెమో ముందు, ఎస్‌ఓపీ తర్వాత

జర్మనీలో ఎంఎస్ చదువుతున్న అన్న, వరంగల్‌లో బీటెక్ ఈసీఈ మూడో ఏడాదిలో ఉన్న పిన్ని కొడుక్కి రాసిన ఉత్తరం ఇది. అప్లికేషన్ పెట్టేముందు తనకెవరూ చెప్పని సంగతులు ఇందులో రాశాడు.

చిన్నా,

ఎస్‌ఓపీ ఎవరితో రాయించాలి, ఏ కన్సల్టెన్సీ మంచిది అని అడిగావు. ఆ రెండూ తర్వాత చూద్దాం. నీ ఎలక్టివ్స్ ఇంకా ఖరారు కాలేదని పిన్ని చెప్పింది. నాకు సంతోషం కలిగించిన మాట అదే. జర్మనీలోని ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు వచ్చేదీ రానిదీ చాలావరకు నువ్వు ఇప్పుడు నింపబోయే ఆ ఎలక్టివ్స్ ఫారంలోనే తేలిపోతుంది. నాకు ఈ సంగతి తెలిసేసరికి బీటెక్ అయిపోయింది.

ఇక్కడ అడ్మిషన్ కమిటీ ముందుగా చూసేది నీ కాలేజీ పేరూ కాదు, నీ కథా కాదు. ఏ సబ్జెక్టు ఎంత చదివావన్నది చూస్తారు. చాలా కోర్సుల నిబంధనల్లో గణితంలో ఇన్ని, కంప్యూటర్ సైన్స్‌లో ఇన్ని ఈసీటీఎస్ ఉండాలని రాసి ఉంటుంది. ఈసీటీఎస్ అంటే యూరప్ దేశాల క్రెడిట్. ఒక్కొక్కటీ 25 నుంచి 30 గంటల చదువుతో సమానం. ఏడాదికి 60 చొప్పున నాలుగేళ్లకు 240 అవుతాయి. మన జేఎన్‌టీయూ బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు. అందుకే చాలాచోట్ల మన ఒక క్రెడిట్‌ను ఒకటిన్నరగా లెక్కిస్తారు. లెక్కించే పద్ధతి యూనివర్సిటీని బట్టి కొంత మారుతుంది గానీ నీ అంచనాకు ఇది చాలు.

ఇప్పుడు నీ మెమోలు తీసి చూడు. నువ్వు పంపిన ఫొటోల ప్రకారం నాలుగేసి క్రెడిట్ల గణితం పేపర్లు మూడు, ప్రాబబిలిటీ మూడు క్రెడిట్లు, మొత్తం 15. ఒకటిన్నరతో గుణిస్తే 22.5. కంప్యూటర్ వైపు ప్రోగ్రామింగ్ నాలుగు, డేటా స్ట్రక్చర్స్ మూడు, అంటే 10.5. నువ్వు వెళ్లాలనుకుంటున్న కంప్యూటర్ సైన్స్ కోర్సు గణితంలో 20, కంప్యూటర్ సైన్స్‌లో 30 అడుగుతోందనుకో. గణితం దాటేశావు. రెండోదాంట్లో 19.5 తక్కువ. ఎంత గొప్ప ఎస్‌ఓపీ రాసినా ఆ అంకె మారదు. తిరస్కరణ ఉత్తరంలో కారణం రాస్తే ఫలానా విభాగంలో ఇన్ని క్రెడిట్లు తక్కువని ఉంటుంది. అది చూస్తే ఎక్కడ ఆగిపోయామో తెలుస్తుంది, కానీ అప్పటికి చేయగలిగిందేమీ ఉండదు.

నీకు మాత్రం ఇంకా అవకాశం ఉంది. మిగిలిన రెండు ఓపెన్ ఎలక్టివ్స్‌లో సీఎస్‌ఈ వాళ్లు ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్ తీసుకో. ప్రొఫెషనల్ ఎలక్టివ్‌గా కంప్యూటర్ నెట్‌వర్క్స్ తీసుకో. మూడూ మూడేసి క్రెడిట్లు కాబట్టి 13.5 కలిసి 24 అవుతుంది. ఇంకా ఆరు తక్కువే. కొన్ని యూనివర్సిటీలు ఇలాంటి కొద్దిపాటి లోటుంటే షరతు పెట్టి సీటిస్తాయి. ఆ షరతును ఇక్కడ ఆఫ్‌లాగెన్ అంటారు. తక్కువైన సబ్జెక్టులను ఇక్కడి బ్యాచిలర్ విద్యార్థులతో కూర్చుని చదివి పాసవ్వాలి. ఎంఎస్ ఇంగ్లిష్‌లోనే ఉన్నా ఆ బ్యాచిలర్ క్లాసులు చాలాసార్లు జర్మన్‌లో జరుగుతాయి. ఆ షరతు ఒప్పుకునే ముందు ఈ సంగతి తప్పక కనుక్కో.

నా అభిప్రాయం అడిగితే, కంప్యూటర్ సైన్స్ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోకు. ఎంబెడెడ్ సిస్టమ్స్, కమ్యూనికేషన్స్, ఇన్ఫర్మేషన్ ఇంజినీరింగ్ కోర్సులు నీ డిగ్రీకి దగ్గరగా ఉంటాయి. వాటిలోనూ ప్రోగ్రామింగ్ బాగానే ఉంటుంది.

ఇంకో మాట. సబ్జెక్టు పేరును బట్టి నిర్ణయించరు, సిలబస్ చదువుతారు. చాలా కోర్సులకు ఒక పట్టిక నింపాలి. ఎడమవైపు వాళ్లు అడిగిన అంశం, కుడివైపు నీ సబ్జెక్టు, దాని క్రెడిట్లు, సిలబస్ పుస్తకంలో పేజీ నంబరు. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో ఫూరియర్, లాప్లాస్ అధ్యాయాలున్నాయి కదా, దాన్ని గణితం కింద చూపిస్తే కొన్ని కమిటీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. అందుకే సిలబస్ పుస్తకం మొత్తం ఇప్పుడే దింపి పెట్టుకో. రెగ్యులేషన్ మారాక పాతది వెతుక్కోవడం పెద్ద పని.

ఇక మార్కులు. మన సీజీపీఏను వీళ్లు తమ స్కేలులోకి మార్చుకుంటారు. ఇక్కడ 1 అన్నిటికన్నా మంచిది, 4 అంటే బొటాబొటి పాస్. 10లోంచి నీ సీజీపీఏ తీసెయ్, మిగిలింది 3తో గుణించు, 10కీ పాస్ పాయింటుకీ ఉన్న తేడాతో భాగించు, 1 కలుపు. మనకు పాస్ పాయింటు 5 కాబట్టి ఆ తేడా 5. నీ 7.4కు 2.56 వస్తుంది. చాలా కోర్సులు 2.5 దాటకూడదని గీత గీస్తాయి. ఆ గీత మన లెక్కలో సరిగ్గా 7.5. అంటే నువ్వు ఒక్క మెట్టు కిందున్నావు. ఇప్పటికి 100 క్రెడిట్లు అయ్యాయి, 60 మిగిలాయి. ఆ 60లో సగటున 7.8 తెచ్చుకుంటే మొత్తం 7.55 అవుతుంది, ఇక్కడి లెక్కలో 2.47. అంటే రాబోయే సెమిస్టర్లలో ఒక్కో సబ్జెక్టూ లెక్కలోకి వస్తుంది. గ్రేడింగ్ వివరాలు, పాస్ పాయింటు ముద్రించి ఉన్న పేజీని కూడా ట్రాన్స్‌క్రిప్ట్‌తో జతచెయ్యి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2022 నవంబరు నుంచి మనవాళ్లకు వీసాకు ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది కాబట్టి అన్నిటికన్నా ముందు దాన్ని మొదలుపెట్టు. చాలా యూనివర్సిటీలకు యూని-అసిస్ట్ ద్వారా అప్లై చేయాలి. ఒక సెమిస్టర్‌కు మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. అక్టోబరులో మొదలయ్యే చదువుకు జులై 15 అన్నది బాగా వినిపించే గడువు, కానీ విదేశీ విద్యార్థులకు చాలాచోట్ల అంతకన్నా ముందే ముగుస్తుంది. ప్రతి కోర్సు పేజీలో చూసుకో.

కన్సల్టెన్సీ విషయం బాబాయికి కూడా చదివి వినిపించు. ప్రభుత్వ యూనివర్సిటీలు సీటుకింత అని ఏజెంట్లకు కమిషన్ ఇవ్వవు. ప్రైవేటువి చాలావరకు ఇస్తాయి. "నీ మార్కులకు ప్రభుత్వంలో కష్టం" అని మొదటి రోజే చెప్పి, ఫీజు కట్టే ప్రైవేటు కోర్సు చూపించారంటే నీ క్రెడిట్లు లెక్కపెట్టారా అని అడుగు. ఆ లెక్క చూపించలేకపోతే లేచి వచ్చెయ్. ఏది ప్రభుత్వానిదో, ఏది ప్రైవేటుదో హోక్‌షూల్‌కొంపాస్ వెబ్‌సైటులో స్పష్టంగా రాసి ఉంటుంది.

చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం మనలాంటివాళ్ల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటుంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 శీతాకాల సెమిస్టర్ నుంచి వసూలు చేస్తోంది. ఫీజు లేకపోయినా, బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు వేసి చూపించాలి. అది నీ డబ్బే, నెలకు 992 చొప్పున నీకే తిరిగొస్తుంది. దాదాపు 12 లక్షలు ఒకేసారి కావాలి కాబట్టి బాబాయితో ఇప్పుడే మాట్లాడు.

ఎలక్టివ్స్ ఫారం ఇవ్వడానికి గడువు వచ్చే శుక్రవారం అన్నావు. ఆలోగా నీ అయిదు సెమిస్టర్ల మెమోలు, సిలబస్ పుస్తకం, నీకు నచ్చిన మూడు కోర్సుల నిబంధనల పేజీలు నాకు పంపు. పట్టిక ఇద్దరం కలిసి నింపుదాం. అప్పటిదాకా ఏ కన్సల్టెన్సీకీ అడ్వాన్స్ కట్టకు.

మీ అన్నయ్య